గదిలో లేని మనిషి తరఫున రెండు వాక్యాలు

జనవరి వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఇంజనీరింగ్ చివరి సెమిస్టర్ పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం వచ్చి జూన్ దాకా ఉంటారు. వాళ్లలో కొందరికి అదే కంపెనీలో ఉద్యోగం వస్తుంది. కాలేజీల్లో దాన్ని పీపీఓ అంటారు. మిగిలినవాళ్లు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతారు. ఈ రెండు రకాలవాళ్ల పనిలో పెద్ద తేడా లేకపోయినా ఇలా జరుగుతుంది. కారణం ఆ పిల్లలకు తెలిసే అవకాశం తక్కువ. ఎందుకంటే వాళ్ల గురించి నిర్ణయం జరిగే మీటింగులో వాళ్లుండరు.

మేనేజరుగా నేను అలాంటి మీటింగుల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. మాది మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ. టీముల మేనేజర్లు, డిపార్ట్‌మెంట్ హెడ్, హెచ్‌ఆర్ నుంచి ఒకరు, ఫైనాన్స్ నుంచి ఒకరు ఉంటారు. ఒక్కో ఇంటర్న్ పేరు మీద మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. హెడ్ అడిగేది ఎప్పుడూ ఒకటే: ‘ఈ మనిషి వచ్చాక మీ టీములో ఏం మారింది?’ దానికి ఎక్కువమంది మేనేజర్లు చెప్పే జవాబు, ‘చాలా కష్టపడతాడండి, తొందరగా నేర్చుకుంటాడు, మంచి కుర్రాడు’ అని. అది అబద్ధం కాదు. కానీ వరసగా ఎనిమిది పేర్లకు అదే మాట వినిపిస్తే అందులో ఎవరిని ఎంచాలో ఎవరికి తెలుస్తుంది? ఉన్నవేమో రెండు సీట్లు. అప్పుడు ఒక మేనేజరు, ‘ఫలానా పనికి రోజూ ఇంత టైము పట్టేది, ఇప్పుడు ఇంతే పడుతోంది. ఆమె లేని రోజుల్లో కూడా అది నడిచింది’ అంటే గదిలో అందరూ తలెత్తి చూస్తారు.

ఇంటర్న్ చేతిలో ఉన్నది ఇదే. ఆ రెండు వాక్యాలను తన మేనేజరు నోటికి అందించడం, ఆ మేనేజరు సమయానికి ఆ గదిలోకి వెళ్లేలా ముందుగా అడగడం. ఇవి ఎలా జరుగుతాయో మా టీములో పనిచేసిన ఒక అమ్మాయి ఉదాహరణతో చెబుతాను. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పిల్ల. పేరు అనవసరం.

ఆన్‌లైన్‌లో అమ్మకాలు చేసే వ్యాపారులకు మేము ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ ఇస్తాం. కస్టమరు డబ్బు కడితే అది పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తుంది. రోజూ ఉదయం మా సీనియర్ ఇంజనీరు ఒకాయన గేట్‌వే ఇచ్చే ఫైలు తీసుకుని, మా దగ్గరున్న ఆర్డర్ల జాబితాతో ఎక్సెల్‌లో సరిపోల్చేవాడు. డబ్బు వచ్చి ఆర్డరు పడనివి, ఆర్డరు పడి డబ్బు రానివి ఏరి సపోర్ట్ వాళ్లకు పంపేవాడు. చేతితో చేసే పని, విసుగు పని. దీనికి ఒక స్క్రిప్ట్ రాయమని ఆ అమ్మాయికి ఇచ్చాం.

చాలామంది అదే రోజు కోడ్ మొదలుపెడతారు. ఆమె మొదటి రెండు వారాలు ఆ సీనియర్ పక్కన కూర్చుంది. ఆయన ఫైలు తెరిచిన టైము, సపోర్ట్‌కు మెయిల్ పంపిన టైము, ఆ రోజు దొరికిన తేడాల సంఖ్య ఒక షీటులో రాసుకుంది. పది పనిదినాల లెక్క. తక్కువలో తక్కువ 65 నిమిషాలు. సోమవారాల్లో శని, ఆదివారాల ఆర్డర్లు కూడా కలిసి రెండు గంటలు దాటింది. సగటున 90 నిమిషాలు. తర్వాత జరిగినదానికంతా ఆ షీటే ఆధారం. పని మారిపోయాక ‘ముందు ఎంత పట్టేది?’ అని అడిగితే ఒకరు గంట అంటారు, ఒకరు రెండు గంటలంటారు. పాత లెక్క పాతది నడుస్తున్నప్పుడే తీసుకోవాలి, తర్వాత దొరకదు. ఇంటర్న్‌లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. బాగుచేశారని అందరికీ తెలుసు, ఎంత బాగుచేశారో చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

స్క్రిప్ట్ మొదటి రూపం ఫిబ్రవరిలో సిద్ధమైంది. నడిపితే చేతి లెక్కలో లేని తేడాలు బోలెడు చూపించింది. డబ్బు రాలేదని అది చెప్పిన ఆర్డర్లకు నిజానికి డబ్బు వచ్చే ఉంది. ఆమె ఆ తప్పుడు వరసలన్నీ ఒకచోట పెట్టి టైము ప్రకారం సర్దింది. అన్నీ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 మధ్యవే. అక్కడ విషయం దొరికింది. గేట్‌వే ఫైలులో టైము యూటీసీలో ఉంది, మా ఆర్డర్లలో మన దేశపు టైము ఉంది. మన టైము యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. 12వ తేదీ రాత్రి ఒంటిగంటకు పడిన ఆర్డరు గేట్‌వే లెక్కలో 11వ తేదీ సాయంత్రం 7:30కి పడినట్టు. తేదీని తేదీతో పోలిస్తే అది దొరకదు. మా సీనియర్‌కు ఈ సంగతి అలవాటుగా తెలుసు. అనుమానం వచ్చినప్పుడల్లా ముందురోజు ఫైలు తెరిచి చూసేవాడు. కానీ ఆ నియమం ఎక్కడా రాసిలేదు. ఆమె రెండు టైములనూ ఒకే లెక్కలోకి మార్చి, ఆ నియమాన్ని కాగితం మీద పెట్టింది. నా దృష్టిలో కోడ్ కంటే అది విలువైన పని. ఒక మనిషి తలలో ఉన్న జ్ఞానం టీము సొత్తయింది.

మార్చి మొదటి వారానికి 90 నిమిషాల పని 15 నిమిషాలకు వచ్చింది. రోజుకు 75 నిమిషాల ఆదా. నెలకు 22 పనిదినాలు వేసుకుంటే 27 గంటలన్నర. అంటే ఒక ఇంజనీరుకు నెలలో మూడు రోజులకు పైగా మిగిలినట్టు. ఇక్కడ ఆమె చేసిన ఇంకో రెండు పనులు ఆ అంకెకు బలం తెచ్చాయి.

మొదటిది, ఏది కాలేదో కూడా రాసింది. కస్టమరుకు డబ్బులో కొంత భాగమే వాపసు ఇచ్చిన కేసులను స్క్రిప్ట్ సరిగ్గా పట్టుకోలేదు. ‘వీటిని ఇంకా చేతితోనే చూడాలి, 15 నిమిషాల్లో ఎక్కువ భాగం దీనికే పోతోంది’ అని స్పష్టంగా పెట్టింది. ఎవరి పాలు ఎంతో కూడా రాసింది: నియమాలు చెప్పింది సీనియర్, కోడ్ రాసింది తాను, పరీక్షించింది సపోర్ట్ టీము. ఇది వినయం కోసం చెప్పే మాట కాదు. నిర్ణయం జరిగే మీటింగులో ‘ఆ ఐడియా మావాడిది కదా’ అని ఒక్కరు అన్నా ఇంటర్న్ గురించి చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ఎవరి వాటా వారికి ముందే ఇచ్చేస్తే, తన వాటాను ఎవరూ తగ్గించలేరు.

రెండోది, మార్చిలో ప్రాజెక్ట్ రివ్యూ కోసం కాలేజీకి వెళ్లాల్సి వచ్చింది. వారం రోజులు. వెళ్లేముందు స్క్రిప్ట్ ఎలా నడపాలి, ఫైలు రాకపోతే ఏం చేయాలి, ఏ తప్పు వస్తే ఎక్కడ చూడాలి అని ఒక పేజీ రాసి పెట్టింది. ఆ వారం సపోర్ట్ అబ్బాయి ఒకడు దాన్ని నడిపాడు. ఒక్క ఫోను చేయలేదు. కొందరు పిల్లలు అనుకుంటారు, తాను లేకపోతే పని ఆగిపోతేనే తనకు విలువ అని. మేనేజరుకు కనిపించేది వేరు. ఇంటర్న్ జూన్‌లో వెళ్లిపోతాడని అందరికీ తెలుసు. వెళ్లిపోగానే ఆగిపోయే పని ఇచ్చాడంటే కొత్త తలనొప్పి ఇచ్చినట్టే. తాను లేకపోయినా నడిచేది కట్టగలిగిన మనిషిని అట్టేపెట్టుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఇలాంటివి ఇంకా నాలుగు కడుతుంది.

ఇవన్నీ నాకెలా తెలుసు? ఆమె ప్రతి శుక్రవారం సాయంత్రం నాకొక చిన్న మెయిల్ పంపేది. ఐదు వరసలు మించదు. ఈ వారం ఏం చేశాను, అంకె ఎంత మారింది, ఎక్కడ ఆగిపోయాను, మీ నుంచి ఏం కావాలి, వచ్చే వారం ఏం చేస్తాను. ‘సపోర్ట్ వాళ్లతో కలిసి పనిచేశాను’ అని రాయలేదు. ‘సపోర్ట్ టీము ఈ వారం నాలుగు రోజులు స్క్రిప్ట్ వాడింది, ఒకరోజు ఫైలు ఆలస్యంగా రావడంతో చేతితో చేశారు’ అని రాసింది. నా కింద అప్పుడు పది మంది పైనే ఉన్నారు. ఒక ఇంటర్న్ ఫిబ్రవరిలో ఏం చేసిందో ఏప్రిల్‌లో గుర్తుపెట్టుకునే శక్తి ఏ మేనేజరుకూ ఉండదు. ఆ మెయిల్సే నా జ్ఞాపకం.

ఇక అడగడం సంగతి. మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు చెప్పి పంపే మాట, ‘నీ పని నువ్వు చేసుకుపో, వాళ్లే చూసి ఇస్తారు’ అని. అడిగితే ఆశపోతు అనుకుంటారని భయం. దాంతో మే నెల ఆఖరు దాకా నోరు విప్పరు. అప్పటికి మేనేజరు మనసులో ఇవ్వాలని ఉన్నా చేయగలిగింది ఏమీ మిగలదు. ఎందుకో చెప్పాలంటే ఒక ఉద్యోగం కంపెనీ లోపల ఎలా పుడుతుందో తెలియాలి.

మేనేజరు ఇష్టపడినంత మాత్రాన ఉద్యోగం రాదు. దానికి ముందు హెడ్‌కౌంట్ కావాలి, అంటే ఈ టీములో ఇంతమందికి జీతం ఇవ్వడానికి బడ్జెట్‌లో ఆమోదం. తర్వాత మేనేజరు రిక్విజిషన్ పెట్టాలి. ఏ పని, ఏ స్థాయి, ఎందుకు అవసరం అని రాసి పంపే అభ్యర్థన అది. హెడ్ ఒప్పుకోవాలి, ఫైనాన్స్ ఒప్పుకోవాలి, అప్పుడు హెచ్‌ఆర్ దాన్ని తెరుస్తుంది. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో వారం ఆగినా నెల దాటుతుంది. పైగా బడ్జెట్‌కు ఒక కాలం ఉంది. మన కంపెనీల్లో చాలావాటికి లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. జనవరి నుంచి డిసెంబరు లెక్క పాటించే విదేశీ కంపెనీ శాఖ అయితే ఆ ఏడాది హెడ్‌కౌంట్ చాలావరకు ముందు ఏడాది చివర్లోనే తేలిపోయి ఉంటుంది. కనుక చేరిన మొదటి నెలలోనే, ఉద్యోగం ఇస్తారా అని కాకుండా, ‘ఇక్కడ ఇంటర్న్‌లను తీసుకునే పద్ధతి ఉందా, ఉంటే ఎప్పుడు నిర్ణయిస్తారు?’ అని తెలుసుకోవాలి. ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. అసలు ప్రశ్న ఇంటర్న్‌షిప్ సగానికి రాకముందే అడగాలి.

ఆమె మార్చి రెండో వారంలో వచ్చింది. ‘మేడమ్, ఈ వారంలో ఒక పదిహేను నిమిషాలు మాట్లాడొచ్చా? నా పని గురించి, జూన్ తర్వాత సంగతి గురించి’ అంది. దేని గురించో ముందే చెప్పడం వల్ల నేనూ వివరాలు కనుక్కుని కూర్చున్నాను. ఒక పేజీ తెచ్చింది. పైన పాత లెక్క, కొత్త లెక్క, మిగిలిపోయిన పని. తర్వాత అడిగింది, ‘మేడమ్, నాకు ఈ టీములోనే కొనసాగాలని ఉంది. ఈ ఏడాది ఫ్రెషర్‌కు ఇక్కడ హెడ్‌కౌంట్ ఉందా?’

‘ప్రస్తుతం మన టీముకు లేదమ్మా’ అన్నాను. అది నిజం.

చాలామంది అక్కడ థాంక్స్ చెప్పి లేచిపోతారు. ఆమె లేవలేదు. ‘అయితే ఈ పనికి దగ్గరగా ఉండే వేరే టీములో ఏమైనా వచ్చే వీలుందా? ఉంటే వాళ్లు నాలో ఏం చూడాలనుకుంటారు? ఏప్రిల్ ఆఖరులోగా నేను ఏం చూపించగలిగితే మీరు నా పేరు చెప్పగలరు?’ అని అడిగింది. ఈ మూడు ప్రశ్నలకూ అవును, కాదు అని జవాబివ్వలేం. ఆలోచించి చెప్పాలి, చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవాలి. నిజానికి నా మనసు అప్పుడే పక్క టీము మీదికి పోయింది.

అక్కడ నాలుగేళ్ల అనుభవమున్న ఇంజనీరు ఒకరు అప్పటికి రాజీనామా ఇచ్చి ఉన్నారు. మన ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలుండటం మామూలే. మార్చిలో కాగితం పెట్టిన మనిషి వెళ్లేది మే చివరో, జూనో. ఇంటర్న్‌షిప్ ముగిసేదీ అప్పుడే. వెళ్లిపోయిన మనిషి స్థానంలో ఒకరిని తీసుకోవడానికి ఆమోదం, కొత్త ఉద్యోగం సృష్టించడం కంటే తేలిక, ఎందుకంటే ఆ జీతం బడ్జెట్‌లో ముందే ఉంది. రాజీనామాల సంగతి మేనేజర్లకు తెలుస్తుంది, ఇంటర్న్‌లకు తెలియదు. అడగడం వల్ల జరిగే మేలు ఇది. మన కంటికి కనిపించని ఖాళీని, అది కనిపించే మనిషి మన కోసం చూడటం మొదలుపెడతాడు.

అందులో చిక్కు ఒకటుంది. నాలుగేళ్ల అనుభవమున్న సీటులో ఫ్రెషర్‌ను ఎలా కూర్చోబెడతారు? ఆ మేనేజరు అదే అడిగాడు. ఆమె పేజీ ఆయన ముందు పెట్టాను. ఆ టీము చూసేది రిఫండ్లు, సెటిల్‌మెంట్లు. ఆమె స్క్రిప్ట్‌లో మిగిలిపోయిన పాక్షిక వాపసు కేసులు సరిగ్గా వాళ్ల తలనొప్పే. ఏప్రిల్ అంతా ఆమె ఆ ముక్క మీదే పనిచేసేలా ఇద్దరం ఒప్పుకున్నాం. నెలాఖరుకు అది పూర్తిగా కాలేదు, కానీ ఎక్కువ కేసులు స్క్రిప్టే పట్టుకునే స్థితికి వచ్చింది. ఆ మేనేజరు రిక్విజిషన్‌ను కింది స్థాయికి మార్చి పెట్టాడు. ‘బయటినుంచి ఎవరిని తెచ్చినా మన లెక్కలు అర్థం కావడానికి మూడు నెలలు పడుతుంది, ఈమెకు అవి తెలుసు’ అని రాశాడు. మీటింగులో మేమిద్దరం చెప్పింది రెండు వాక్యాలే: ‘గంటన్నర పని పావుగంటకు వచ్చింది. ఆమె వారం రోజులు లేకపోయినా అది ఆగలేదు.’ మే నెలలో ఆఫర్ లెటర్ వచ్చింది.

ఈ దారిలో పిల్లలు మోసపోయేది ఎక్కువగా నోటిమాటల దగ్గర. ‘నీకేం పర్లేదు, చూసుకుందాం’ అని మేనేజరు అంటే అది ఆయన అభిమానం, కంపెనీ మాట కాదు. ఆ మేనేజరే మారిపోవచ్చు, నియామకాలు ఆపేయమని పైనుంచి రావచ్చు. మాట ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి మర్యాదైన ప్రశ్న ఉంది: ‘రిక్విజిషన్ పెట్టారా సార్? ఇంకా ఎవరి ఆమోదం మిగిలింది?’ దానికి ఫలానావారి దగ్గర ఉందని జవాబొస్తే పని కదులుతోందని అర్థం. ‘త్వరలో’ అన్న జవాబు రెండుసార్లు వస్తే ఇంకా ఏమీ మొదలుకాలేదని అనుకోవాలి. హోదా, జీతం, చేరే తేదీ రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా బయటి ఇంటర్వ్యూలు ఆపకూడదు. ఉద్యోగం బదులు ‘ఇంటర్న్‌షిప్ మరో మూడు నెలలు పొడిగిస్తాం’ అంటే, ఆ మూడు నెలల తర్వాత ఏ సీటు ఖాళీ అవుతుందో అడగాలి. దానికి జవాబు లేకపోతే ఆ పొడిగింపు వాళ్ల అవసరం కోసమే.

కాలేజీ వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. పీపీఓ ఒప్పుకుంటే క్యాంపస్‌లో మిగతా కంపెనీలకు కూర్చోనివ్వని ప్లేస్‌మెంట్ సెల్స్ చాలా ఉన్నాయి. ఒప్పుకునే ముందు అక్కడి నియమం చదవాలి. అలాగే చేసిన పని అంకెలు రెజ్యూమెలో పెట్టుకునేముందు మేనేజరును అడగాలి. ఎంత టైము మిగిలిందో రాయడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. కస్టమర్ల పేర్లు, డబ్బు లెక్కలు మాత్రం బయటికి పోకూడదు.

అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు సీటు ఉండదు. మా దగ్గరే మంచి అంకెలు, మంచి పేరు ఉండి కూడా నియామకాలు ఆగిన ఏడాదిలో వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లకు పనికొచ్చింది ఆ ఒక్క పేజీ, ‘మీకు తెలిసినచోట నా పేరు చెబుతారా?’ అన్న ఒక్క ప్రశ్న. తన ఇంటర్న్‌ను ఉంచుకోలేకపోయిన మేనేజరు, పాత సహోద్యోగికి ఫోను చేసి సిఫారసు చేయడానికి వెనుకాడడు. కానీ అప్పుడు కూడా చేతిలో చెప్పడానికి రెండు వాక్యాలు ఉండాలి.

అందుకే మా ఆఫీసులో ఇంటర్న్‌గా చేరే ప్రతివాళ్లకూ నేను మొదటి వారంలోనే చెబుతున్నాను: మీకిచ్చిన పని ఇప్పుడెలా నడుస్తోందో ముందు కొలవండి, శుక్రవారం శుక్రవారం రాసి పంపండి, మార్చి దాటకముందే వచ్చి అడగండి. జవాబు ‘లేదు’ అయినా సరే. మార్చిలో తెలిసిన ‘లేదు’ తర్వాత వేరే టీమును, వేరే కంపెనీని వెతుక్కోవడానికి మూడు నెలలుంటాయి. జూన్‌లో తెలిసిన ‘లేదు’ తర్వాత ఇంటికి టికెట్టు కొనుక్కోవడమే మిగులుతుంది.